మిష్ ఎప్పుడు, మియ ఎప్పుడు?

ప్రశ్న: నేను హన్మకొండలో స్టాఫ్ నర్సుని. జర్మనీ వెళ్ళాలని జర్మన్ భాష బి1 స్థాయి చదువుతున్నాను. ‘ఇష్ వాషె మిష్’ అంటే ఒళ్ళు కడుక్కుంటాను అని, ‘ఇష్ వాషె మియ డీ హెండె’ అంటే చేతులు కడుక్కుంటాను అని చెప్పారు. రెండూ కడుక్కోవడమే కదా, ఒకచోట మిష్, ఇంకోచోట మియ ఎందుకు? క్లాసులో పెద్ద లిస్టు ఇచ్చి బట్టీ పట్టమన్నారు. పట్టినా మాట్లాడేటప్పుడు తారుమారైపోతోంది. దీనికి ఒక సూత్రమంటూ లేదా?

— ఒక పాఠకురాలు

జవాబు: సూత్రం ఉంది. పైగా మీరు చేసే ఉద్యోగంలోనే ఉంది. ముందుగా ఒక మాట. జర్మన్ వాక్యాలను ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను, స్పెల్లింగులు ఎలాగూ మీ పుస్తకంలో ఉంటాయి. ‘మిష్’, ‘డిష్’, ‘జిష్’ చివరి శబ్దం మన ‘ష’ కన్నా కాస్త మెత్తగా, ‘హ’ వైపు వాలుతుంది. ‘మియ’, ‘డియ’ చివర కాగితం మీద ‘ర్’ ఉంటుంది, నోట్లో దాదాపు వినిపించదు.

మొదట మీ భారం సగానికి పైగా దించేస్తాను. ఈ గొడవంతా ఇద్దరి విషయంలోనే: నేను, నువ్వు. ‘ఇష్’కి మిష్ లేదా మియ, ‘డూ’కి డిష్ లేదా డియ. అతను, ఆమె, వాళ్ళు, మర్యాదగా పిలిచే ‘జీ’, వీళ్ళందరికీ పని ఎవరి మీద జరిగిందో చెప్పే అక్యూజటివ్ విభక్తి అయినా, ఎవరికో చెప్పే డేటివ్ విభక్తి అయినా జిష్ ఒక్కటే. మనం అంటే ఉన్స్, మీరందరూ అంటే ఒయిష్, అవీ మారవు. అంటే పేషెంటుతో మాట్లాడేటప్పుడు, పేషెంటు గురించి రిపోర్టు రాసేటప్పుడు ఇందులో తప్పు చేద్దామన్నా కుదరదు. తప్పు దొర్లేది మీ గురించి మీరు చెప్పుకునేటప్పుడు, ‘డూ’ అని పిలుచుకునే తోటి నర్సులతో మాట్లాడేటప్పుడు.

ఇప్పుడు అసలు సంగతి. అద్దంలో మిమ్మల్ని కాకుండా బెడ్ మీద ఉన్న పేషెంటును ఊహించుకోండి. పొద్దున డ్యూటీలో చేసే పనులు తెలుగులో ఎలా చెబుతారు? పేషెంటును కూర్చోబెట్టాను. పేషెంటును పడుకోబెట్టాను. పేషెంటుకు చేతులు కడిగాను. పేషెంటుకు వీపు తుడిచాను. పేషెంటుకు తల దువ్వాను. పేషెంటుకు చొక్కా తొడిగాను. ఎవరూ నేర్పకుండానే మొదటి రెండింటిలో ‘ను’ పెట్టారు, మిగతావాటిలో ‘కు’ పెట్టారు. కూర్చోబెట్టడంలో పని జరిగేది నేరుగా మనిషి మీద. వీపు తుడవడంలో పని జరిగేది వీపు మీద, ఆ వీపు ఎవరిదో చెప్పడానికి ‘పేషెంటుకు’ వచ్చింది.

జర్మన్ చేసేదీ ఇదే. ‘ఇష్ వాషె జీ’ అంటే మీకు ఒళ్ళు కడుగుతాను. ఇక్కడ జీ అక్యూజటివ్. ‘ఇష్ వాషె ఈనెన్ డేన్ ర్యుకెన్’ అంటే మీకు వీపు కడుగుతాను. ఈనెన్ డేటివ్. వీపు వాక్యంలోకి రాగానే జీ కాస్తా ఈనెన్ అయింది చూడండి. అక్యూజటివ్ స్థానం బస్సులో ఒంటి సీటు లాంటిది. వీపు వచ్చి అందులో కూర్చుంటే అప్పటిదాకా అక్కడున్న మనిషి లేచి డేటివ్‌లోకి వెళ్ళాల్సిందే.

ఇక పేషెంటును తీసేసి ఆ స్థానంలో మిమ్మల్ని పెట్టుకోండి. జీ ఉన్నచోట మిష్, ఈనెన్ ఉన్నచోట మియ వస్తాయి. ‘ఇష్ వాషె మిష్.’ కడగబడేది నేను, సీటు నాదే. ‘ఇష్ వాషె మియ డీ హెండె.’ కడగబడేవి చేతులు, సీటు వాటిది, నేను పక్కకు జరిగాను. ఇంతకు మించి రహస్యమేమీ లేదు. సరిగ్గా ఇలాగే నడిచే జతలు చాలా ఉన్నాయి. ‘ఇష్ త్సీయె మిష్ ఆన్’, బట్టలు వేసుకుంటున్నాను, ఏవో చెప్పలేదు. ‘ఇష్ త్సీయె మియ హాంట్‌షూవె ఆన్’, గ్లవ్స్ వేసుకుంటున్నాను. ‘ఇష్ కెమ్మె మిష్’, దువ్వుకుంటున్నాను. ‘ఇష్ కెమ్మె మియ డీ హారె’, జుట్టు దువ్వుకుంటున్నాను. వార్డులో రోజూ వాడే ‘ఇష్ డెస్‌ఇన్‌ఫిత్సీరె మియ డీ హెండె’ కూడా ఇదే కోవ. పళ్ళు తోముకోవడానికి మాత్రం మియ ఉన్న వాక్యం ఒక్కటే నేర్చుకోండి: ‘ఇష్ పుట్సె మియ డీ త్సేనె.’ పళ్ళు తీసేసి ‘ఇష్ పుట్సె మిష్’ అంటే పిల్లి ఒళ్ళు నాక్కుని శుభ్రం చేసుకోవడం గుర్తొస్తుంది. పిల్లులకూ పక్షులకూ వాడే మాట అది.

మీరు తికమక పడటానికి కారణం తెలుగు కాదు, మధ్యలో దూరే ఇంగ్లీషు అని నా అనుమానం. తెలుగులో ‘చేతులు కడుక్కున్నాను’ అంటాం. ‘నా చేతులు కడుక్కున్నాను’ అంటే వినడానికే వింతగా ఉంటుంది. నావి కాక ఎవరివి? ఆ పని ‘కొను’ చూసుకుంటుంది. జర్మన్‌లో ఆ పని మియ చూసుకుంటుంది, చేతుల ముందు ఉత్త ‘డీ’ చాలు. ఇంగ్లీషులో ఆలోచించి జర్మన్‌లోకి దింపితే ‘ఇష్ వాషె మైనె హెండె’ వస్తుంది. అది ఘోరమైన తప్పేం కాదు, అర్థమవుతుంది. కానీ సొంత ఒంటి భాగాల గురించి మాట్లాడేటప్పుడు జర్మన్లు మామూలుగా అలా చెప్పరు. పేషెంటు విషయంలోనూ అంతే. ‘ఈరెన్ ర్యుకెన్’ అని ‘మీ యొక్క వీపు’ చేయకండి, ‘ఈనెన్ డేన్ ర్యుకెన్’ అనండి. తెలుగులోనూ ‘మీకు వీపు తుడుస్తాను’ అనే కదా అంటారు.

ఒక పొద్దుటి డ్యూటీని వరసగా నడిపి చూద్దాం. మీరు గదిలోకి వెళ్ళి ‘క్యోనెన్ జీ జిష్ జెల్ప్‌స్ట్ వాషెన్?’ అని అడుగుతారు, మీ అంతట మీరు కడుక్కోగలరా అని. ఇందులో జిష్ అక్యూజటివ్, ఎందుకంటే ఒంటి భాగం ఏదీ చెప్పలేదు. ముఖం వరకూ తాను కడుక్కోగలనని ఆయన అంటారు: ‘దాస్ గెజిష్ట్ కాన్ ఇష్ మియ జెల్ప్‌స్ట్ వాషెన్.’ ముఖం సీటు పట్టుకుంది కాబట్టి మియ. ముఖం వాక్యం మొదట్లో ఉన్నా సీటు దానిదే, చోటు మారినంత మాత్రాన విభక్తి మారదు. అప్పుడు మీరు ‘డాన్ వాషె ఇష్ ఈనెన్ డేన్ ర్యుకెన్’ అంటారు, అయితే నేను మీకు వీపు కడుగుతాను అని. తర్వాత ఆయన్ని మంచం అంచున కూర్చోబెడతారు: ‘ఇష్ జెట్సె జీ ఆన్ డీ బెట్‌కాంటె.’ పేషెంటును కూర్చోబెట్టడం కాబట్టి జీ. ఆయన తానే కూర్చుంటే ‘ఇష్ జెట్సె మిష్ ఆన్ డీ బెట్‌కాంటె’ అంటారు.

ఈ ఆఖరి వాక్యం దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే తెలివైన విద్యార్థులు పడేది ఇక్కడే. ‘డీ బెట్‌కాంటె’ కూడా అక్యూజటివే కదా, మరి సీటు దానికి పోవాలి కదా, ‘మియ’ కావాలి కదా అని మీకు అనుమానం రావాలి. రాకపోతే నేనే తెప్పిస్తున్నాను. జవాబు ఏమిటంటే, బెట్‌కాంటెను అక్యూజటివ్ చేసింది క్రియ కాదు, దాని ముందున్న ‘ఆన్’ అనే ప్రిపొజిషన్. ప్రిపొజిషన్ తన నామవాచకాన్ని తనే చూసుకుంటుంది, క్రియ దగ్గరున్న సీటు జోలికి రాదు. అందుకే ‘ఇష్ ఇంటెరెసీరె మిష్ ఫ్యూర్ ముజీక్’, సంగీతమంటే ఆసక్తి. ‘ఇష్ బెవెర్బె మిష్ ఉమ్ ఐనె ష్టెలె’, ఉద్యోగానికి అప్లై చేస్తున్నాను. ‘ఇష్ ఎరినెరె మిష్ ఆన్ డేన్ పాట్సియెంటెన్’, ఆ పేషెంటు నాకు గుర్తున్నాడు. మూడింటిలోనూ ఇంకో అక్యూజటివ్ కంటికి కనిపిస్తోంది, మూడింటిలోనూ మిష్ కదలలేదు. ఫ్యూర్, ఉమ్, ఆన్ అనేవి అడ్డుగోడలా ఉన్నాయి.

మరి ‘ఇష్ జేయె మియ డీ వోనుంగ్ ఆన్’లో కూడా ‘ఆన్’ ఉందే? ఇల్లు చూస్తున్నాను, అంటే అద్దెకు తీసుకునే ముందు తిరిగి చూస్తున్నాను అనే వాక్యం ఇది. ఇక్కడ మియ ఎందుకు? ఆ ‘ఆన్’ ఎక్కడుందో చూడండి. వోనుంగ్ ముందు లేదు, వాక్యం చివర ఒంటరిగా ఉంది. అది ప్రిపొజిషన్ కాదు, ‘ఆన్‌జేయెన్’ అనే క్రియలోంచి విడిపోయిన ముక్క. కాబట్టి వోనుంగ్‌ను అక్యూజటివ్ చేసింది క్రియే, సీటు దానిదే, నాకు మియ. ‘త్సీయె... ఆన్’లోని ఆన్ కూడా ఈ బాపతే. నామవాచకానికి ముందు అంటుకుని ఉంటే గోడ, చివర వేలాడుతుంటే క్రియ ముక్క. పరీక్షలో ఖాళీలు పూరించేటప్పుడు ముందు వాక్యం చివరకు చూడండి.

ఈ పేషెంటు పద్ధతికి హద్దు ఉంది. తెలుగు ‘కు’ని గుడ్డిగా నమ్మితే కొన్నిచోట్ల ముంచుతుంది. ‘పేషెంటుకు స్నానం చేయించాను’ అంటాం. ‘కు’ ఉంది కాబట్టి ‘మియ’ అనుకుంటే తప్పు, ‘ఇష్ దుషె మిష్’ అనే అనాలి. ‘పేషెంటుకు గడ్డం గీశాను’ అంటాం, జర్మన్‌లో ‘ఇష్ రజీరె మిష్’. నేను మొదట చెప్పిన ‘మీకు ఒళ్ళు కడుగుతాను’ కూడా ఇలాంటిదే, జర్మన్‌లో అది ‘ఇష్ వాషె జీ’. తెలుగులో స్నానం, గడ్డం, ఒళ్ళు అనే నామవాచకాలు వాక్యంలో విడిగా ఉన్నాయి. జర్మన్‌లో అవి లేవు, క్రియలోనే కలిసిపోయాయి. సీటు ఖాళీగా ఉంది కాబట్టి మనిషే కూర్చున్నాడు. గడ్డాన్ని విడిగా చెబితే మళ్ళీ ‘ఇష్ రజీరె మియ డేన్ బార్ట్’ అవుతుంది. కాబట్టి పరీక్ష చేయాల్సింది తెలుగు వాక్యాన్ని కాదు. ఆ వస్తువు పేరు జర్మన్ వాక్యంలో, ప్రిపొజిషన్ లేకుండా, విడిగా ఉందా అని చూడాలి. తెలుగు మీకు అలవాటైన చూపును ఇస్తుంది, తీర్పు మాత్రం జర్మన్ వాక్యానిదే.

దెబ్బల విషయంలో ఇది ఇంకా బాగా తెలుస్తుంది, మీకు రోజూ పనికొచ్చేది కూడా. తెలుగులో ‘నాకు చెయ్యి విరిగింది’, ‘నాకు కాలు బెణికింది’, ‘నాకు నాలుక కాలింది’ అంటాం. జర్మన్‌లో ‘ఇష్ హాబె మియ డేన్ ఆర్మ్ గెబ్రోఖెన్’, ‘ఇష్ హాబె మియ డేన్ ఫూస్ ఫెర్‌ష్టౌఖ్ట్’, ‘ఇష్ హాబె మియ డీ త్సుంగె ఫెర్‌బ్రాంట్’. నాకు ఉన్నచోటల్లా మియ. విరగ్గొట్టుకున్నాను అన్నట్టు ధ్వనిస్తుంది గానీ కావాలని చేసిన పని అని అర్థం కాదు, ప్రమాదానికి కూడా జర్మన్‌లో ఇదే వాక్యం. కానీ ‘నాకు జలుబు చేసింది’ అంటే ‘ఇష్ హాబె మిష్ ఎర్కెల్టెట్’. ఎందుకు మిష్? జలుబు అనే మాట విడిగా లేదు, ‘ఎర్కెల్టెన్’ అనే క్రియలో ఇమిడి ఉంది. ఇవన్నీ గతంలో చెప్పేటప్పుడు ‘హాబెన్’తోనే నడుస్తాయని కూడా ఈ వాక్యాల్లోనే గమనించండి.

ఇప్పుడు మీ లిస్టులో సగానికి పైగా ఉండే క్రియల సంగతి. పని ఎవరి మీద జరుగుతోందో చెప్పలేని క్రియలు కొన్ని ఉంటాయి. ‘ఇష్ ఫ్రోయె మిష్’ అంటే సంతోషంగా ఉంది. నన్ను నేను ఏం చేసుకున్నట్టు? ఏమీ లేదు, ఆ క్రియ ఆ సర్వనామాన్ని వెంటబెట్టుకునే పుట్టింది. ఇక్కడ తెలుగు నుంచి ఇంకో సాయం తీసుకోవచ్చు. మనకు ‘పడు’తో అంతమయ్యే క్రియలున్నాయి కదా: సిగ్గుపడటం, తొందరపడటం, ఆశ్చర్యపడటం, చిరాకుపడటం, కష్టపడటం, సంతోషపడటం. జర్మన్‌లో వరసగా షేమెన్, బెఐలెన్, వుండెర్న్, ఎర్గెర్న్, ఆన్‌ష్ట్రెంగెన్, ఫ్రోయెన్. అన్నీ రిఫ్లెక్సివ్‌లే, అంటే మిష్, జిష్ లాంటి సర్వనామం వెంట ఉండేవే, అన్నిటికీ అక్యూజటివే. ‘బెఐల్ డిష్!’ అంటే త్వరగా కానీ. ‘ఎర్గెరె డిష్ నిష్ట్!’ అంటే చిరాకు పడకు. వస్తువేదీ లేదు, కాబట్టి సీటు ఎప్పుడూ ఖాళీ, మిష్ లేదా డిష్ వచ్చి కూర్చుంటుంది. బాధపడటం లాంటివి ఈ వరసలో కలవవు, జర్మన్ ‘లైడెన్’కి సర్వనామమే అక్కర్లేదు. కాబట్టి ఇది ఒక ఆసరా మాత్రమే, చట్టం కాదు.

‘పడు’ గుంపులో ఒకటి మాత్రం డేటివ్ తీసుకుంటుంది. టెన్షన్ పడకు అనడానికి ‘మాఖ్ డియ కైనె జోర్గెన్’ అంటారు. డిష్ కాదు, డియ. కారణం చూడగానే తెలియాలి: జోర్గెన్ అంటే ఆందోళనలు, అది నామవాచకం, సీటు ఎక్కేసింది. తోటి నర్సుకు ధైర్యం చెప్పాలన్నా, ఎవరైనా మీకు చెప్పాలన్నా ఈ వాక్యమే. అందుకే దీన్ని నమూనాగా గుర్తుంచుకోమంటాను. పక్కనే ‘బెఐల్ డిష్’ పెట్టుకుంటే జత కుదురుతుంది.

‘దాస్’తో మొదలయ్యే చిన్న వాక్యం వెనక వచ్చినప్పుడు ఇంకో అనుమానం వస్తుంది. ‘ఇష్ ఫ్రోయె మిష్, దాస్ డూ కొమ్‌స్ట్’ అంటే నువ్వు వస్తున్నందుకు సంతోషం. ‘ష్టెల్ డియ ఫోర్, దాస్ డూ ఇన్ బెర్లీన్ బిస్ట్’ అంటే బెర్లిన్‌లో ఉన్నట్టు ఊహించుకో. రెండింటి వెనకా ఒకే రకం ఉపవాక్యం, ఒకచోట మిష్, ఇంకోచోట డియ. ప్రశ్న వేసి చూడండి. ఊహించుకో, ఏమిటి? ‘వాస్?’ అని అడగగలిగితే ఆ ఉపవాక్యం వస్తువుతో సమానం, సీటు దానిది, మీరు డేటివ్. ఫ్రోయెన్‌ను ‘వాస్’ అని అడగరు, ‘వోర్‌యూబర్’ అని, అంటే దేని గురించి అని అడుగుతారు. అంటే అక్కడ కనబడని ప్రిపొజిషన్ ఒకటి ఉంది. గోడ ఉంది కాబట్టి మిష్ కదలదు.

ఈ ‘ఫోర్‌ష్టెలెన్’ను ఇంకొంచెం దగ్గరగా చూడండి, ఎందుకంటే ఈ ఒక్క క్రియ అర్థమైతే మొత్తం పాఠం అర్థమైనట్టే. దీనికి రెండు అర్థాలు: పరిచయం చేయడం, ఊహించుకోవడం. ఏ1 పరీక్షలో మాట్లాడే భాగం మొదలయ్యేదే మిమ్మల్ని మీరు పరిచయం చేసుకోవడంతో. ‘ఇష్ మ్యోష్టె మిష్ ఫోర్‌ష్టెలెన్.’ పేషెంటు పద్ధతి పెట్టండి: కొత్త నర్సును పరిచయం చేశాను, ‘ను’. కాబట్టి మిష్. ఊహించుకునేటప్పుడు ‘దాస్ కాన్ ఇష్ మియ గూట్ ఫోర్‌ష్టెలెన్’, అది నేను బాగా ఊహించుకోగలను. ఇక్కడ ‘దాస్’ అంటే ‘అది’, ఊహించే విషయం, సీటు దానిది. నా ముందు ఒక బొమ్మ పెట్టుకుంటున్నాను, నాకు నేనే చూపించుకుంటున్నాను అన్నమాట. పొరపాటున ‘ఇష్ మ్యోష్టె మియ ఫోర్‌ష్టెలెన్’ అంటే వినేవాళ్ళు ఇంకా ఏదో రావాలని ఎదురుచూస్తారు. ఊహించుకుంటాను సరే, ఏమిటని? తప్పు దొరికేది ఇలాగే. డేటివ్ పెట్టి వస్తువు చెప్పకుండా ఆగితే వాక్యం గాలిలో వేలాడుతుంది. మిష్ పెట్టి వస్తువు కూడా చెబితే ఇద్దరు ఒకే సీటుకు ఎగబడినట్టు ఇరుకుగా ఉంటుంది. మీరు రాసిన ప్రతి వాక్యానికీ ఈ రెండు ప్రశ్నలూ వేసుకోండి.

డేటివ్ తప్పనిసరిగా ఉండాల్సిన క్రియలు నిజానికి కొద్దే. ‘దాస్ కాన్ ఇష్ మియ నిష్ట్ లైస్టెన్’, అంత ఖర్చు నా వల్ల కాదు. జర్మనీలో అద్దె ఇళ్ళు చూసే రోజుల్లో ఈ వాక్యం చాలాసార్లు పనికొస్తుంది. ‘ఇష్ హాబె మియ ఫోర్‌గెనోమెన్, యేడెన్ టాగ్ త్సూ లెర్నెన్’, రోజూ చదవాలని అనుకున్నాను. ఇక ‘మెర్కెన్’ దగ్గర జాగ్రత్త. ‘ఇష్ మెర్కె దాస్’ అంటే గమనించాను, ‘ఇష్ మెర్కె మియ దాస్’ అంటే గుర్తుపెట్టుకుంటాను. డాక్టర్ చెప్పిన డోసు విషయంలో మియ మరిచిపోతే గమనించారేగానీ గుర్తుపెట్టుకోలేదన్నమాట! వీటిలో మియ తీసేయడానికి వీల్లేదు. కొనుక్కోవడంలో అలా కాదు. ‘ఇష్ కౌఫె ఐన్ ఫారాట్’ అన్నా సైకిల్ కొంటున్నట్టే, ‘ఇష్ కౌఫె మియ ఐన్ ఫారాట్’ అంటే నాకోసం కొనుక్కుంటున్నాను. తెలుగులో కొంటున్నానుకీ కొనుక్కుంటున్నానుకీ ఉన్న తేడాయే. గ్లవ్స్ వాక్యంలో కూడా మియ ఉన్నా లేకున్నా సరే, మిష్ ఉంటేనే తప్పు.

‘కొను’ కనిపించిన ప్రతిచోటా జర్మన్‌లో రిఫ్లెక్సివ్ ఉంటుందని మాత్రం అనుకోవద్దు. నేర్చుకోవడం ఉత్త లెర్నెన్, అర్థం చేసుకోవడం ఉత్త ఫెర్‌ష్టేయెన్, పెళ్ళి చేసుకోవడం ఉత్త హైరాటెన్. ‘ఇష్ లెర్నె మియ డోయిచ్’ అనకండి. కొను ఎక్కడ జిష్ అవుతుంది అనేది డిక్షనరీ చూసి తేల్చుకోవాల్సిందే. అయ్యిందని తేలాక మిష్‌నా మియనా అనే రెండో ప్రశ్నకే మన సూత్రం. ఈ రెండు ప్రశ్నలూ కలిపేయడం వల్లే మీ క్లాసు లిస్టు అంత పొడవైందనుకుంటాను.

సీటు సూత్రానికి లొంగనివీ కొన్ని ఉన్నాయి. ‘ఇష్ బిన్ మియ జిషర్’ అంటే నాకు ఖాయంగా తెలుసు. ఇందులో వస్తువేదీ లేదు, అయినా మియ. ‘డూ షాడెస్ట్ డియ’ కూడా గుర్తుంచుకోండి, నీకు నువ్వే హాని చేసుకుంటున్నావని. షాడెన్, హెల్ఫెన్ లాంటివి ఎవరి విషయంలోనైనా డేటివే తీసుకునే క్రియలు. ‘పేషెంటుకు సాయం చేశాను’ అన్నట్టే ‘ఇష్ హెల్ఫె డేమ్ పాట్సియెంటెన్’. అలాంటి క్రియ తన వైపు తిరిగినా డేటివ్‌గానే ఉంటుంది.

నామవాచకానికి బదులు కూడా సర్వనామమే వచ్చినప్పుడు వరస తిరగబడుతుంది, అదొకటి చూసుకోండి. ‘ఇష్ వాషె మియ డీ హెండె’లో మియ ముందు, చేతులు వెనక. చేతుల్ని ‘జీ’ అంటే, అంటే ‘వాటిని’ అంటే, ‘ఇష్ వాషె జీ మియ’ అవుతుంది. అక్యూజటివ్ సర్వనామం ముందుకు దూకుతుంది. డోసు చెప్పిన డాక్టరుకు జవాబుగా ‘ఇష్ మెర్కె ఎస్ మియ’ అనాలి, ‘మియ ఎస్’ కాదు. మాట్లాడే వేగంలో అది ‘ఇష్ మెర్క్స్ మియ’గా వినిపిస్తుంది.

చివరిగా సూది. మీ ఉద్యోగంలో ఎప్పుడో ఒకప్పుడు రిపోర్టు చేయాల్సి రావచ్చు. ‘ఇష్ హాబె మిష్ ఆన్ ఐనెర్ నాడెల్ గెష్టోఖెన్’ అంటే నాకు సూది గుచ్చుకుంది. తెలుగు నాకు అంటోంది, జర్మన్ మిష్ అంటోంది, ఎందుకంటే ఒంటి భాగం చెప్పలేదు, సూదికి ముందేమో ఆన్ ఉంది. వేలికి అని చెప్పాలంటే ‘ఇన్ డేన్ ఫింగర్’ వస్తుంది, అది ప్రిపొజిషన్ కాబట్టి లెక్క ప్రకారం మిష్ ఉండాలి. కానీ ఇక్కడ ‘ఇష్ హాబె మియ ఇన్ డేన్ ఫింగర్ గెష్టోఖెన్’ అని కూడా అంటారు, కత్తితో వేలు కోసుకున్నప్పుడు కూడా ఇంతే. రెండూ ఒప్పే. ఎవరైనా మీ వాక్యాన్ని దిద్ది ఇంకోటి చెబితే వాదించకుండా ముందు వేలికి మందు రాయించుకోండి.